ఒకే స్వరం, రెండు గొంతులు

వేణువు, వయొలిన్ రెండూ 440 హెర్ట్జ్ స్వరాన్నే పలికినా, కళ్లు మూసుకుని విన్నా ఏది ఏదో ఇట్టే తెలిసిపోతుంది.

ఎందుకంటే ఆ స్వరం ఒంటరిగా రాదు. దాని గుణిజాలైన 880, 1320, 1760 హెర్ట్జ్‌ల అనుస్వరాలూ కలిసి మోగుతాయి. వాటి పాళ్లే ప్రధానంగా నాదగుణాన్ని నిర్ణయిస్తాయి.

వయొలిన్ కమానుకు రాసిన రోజిన్ తీగను పట్టి లాగుతుంది. పట్టు జారగానే తీగ చటుక్కున వెనక్కి దూకుతుంది. సెకనుకు 440 సార్లు ఇదే తంతు. ఈ కుదుపుల కదలికలో పై అనుస్వరాలు పుష్కలంగా ఉంటాయి.

వేణువులో గాలి మెత్తగా ఊగుతుంది. నెమ్మదిగా ఊదితే మూలస్వరానిదే పైచేయి. గట్టిగా ఊదితే అనుస్వరాలు పెరిగి నాదం పదునెక్కుతుంది.

అయితే పాళ్లొక్కటే చాలవు. రికార్డింగులో స్వరం మొదలయ్యే క్షణాన్ని, వేణువులోని ఆ తొలి ఊపిరి చప్పుడును కత్తిరిస్తే, వాద్యాన్ని గుర్తుపట్టడం కష్టమవుతుంది.