ఫ్యాట్ ఒక్కటే ఎందుకు పడింది?

ఆ సాయంత్రం పాలకేంద్రం నుంచి వచ్చిన మెసేజ్ నాకు పంపి, నాన్న ఒకటే అడిగాడు: ‘పాలల్లో నీళ్లు కలిపామనుకుంటున్నారేమోరా?’

ముందురోజు ఫ్యాట్ 6.8, ఎస్‌ఎన్‌ఎఫ్ 9.0. ఆ రోజు ఫ్యాట్ 6.1, ఎస్‌ఎన్‌ఎఫ్ మాత్రం అదే 9.0. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే వెన్న కాకుండా పాలల్లో మిగిలే ఘనపదార్థాలు. రేటు చార్టులో ఫ్యాట్ వరుస, ఎస్‌ఎన్‌ఎఫ్ నిలువు కలిసే గడిలో ఉన్నదే కిలో ధర. మా కేంద్రం చార్టులో ఫ్యాట్ 0.1 తగ్గితే 50 పైసలు పోతాయి. అంటే కిలోకి మూడున్నర రూపాయలు, 8 కిలోలకు 28 రూపాయలు నష్టం.

ఆఫీసులో లాగ్ చూసినట్టే దీన్నీ చూశా. నీళ్లు కలిస్తే రెండు అంకెలూ కలిసి పడాలి. ఇక్కడ పడింది ఫ్యాట్ ఒక్కటే. దానికి నాకు రెండు కారణాలు తోచాయి. ఒకటి, దూడ చివర్లో తాగి ఉండాలి. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ మరి. రెండోది, క్యాన్ కలపకుండా శాంపిల్ తీసి ఉండాలి.

‘దూడ ముందే తాగింది. క్యూలో గంట నిలబడ్డా’ అన్నాడు నాన్న. ఆ గంటలో వెన్న పైకి తేలింది. గరిటె అడుగు నుంచి తీసింది.

మర్నాడు కలిపించాకే శాంపిల్ ఇచ్చాడు. ఫ్యాట్ 6.7 వచ్చింది. పోయిన 28 రూపాయలు మాత్రం రాలేదు. బిల్లు అయిపోయాక ఆ పాలు ట్యాంకులో కలిసిపోతాయి. మళ్లీ పరీక్షించడానికి ఏమీ మిగలదు. అడగాల్సింది శాంపిల్ తీసేటప్పుడే.