కొత్త చిన్న వ్యాపారం పేజీ: బయో, పిన్ చేసిన తొలి పోస్టు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- ఇన్‌స్టాగ్రామ్ పేజీలో బయో చేసే పనికీ, పిన్ చేసిన పోస్టు చేసే పనికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
- 150 అక్షరాల పరిమితిలో తెలుగులో బయో రాయగలుగుతారు.
- కొనుగోలుదారు సందేహాలను తీర్చే తొలి పోస్టును రాసి, అది పనిచేస్తున్నదో లేదో పరీక్షించగలుగుతారు.

1. విషయ పరిచయం

ఊళ్లో కొత్తగా కొట్టు తెరిస్తే దారిన పోయేవారు ముందు దూరం నుంచి చూస్తారు. కొట్టు ఎవరిదో, ఏ వీధిలో ఉందో, సరుకు ఎలా ఉందో వారికి కనిపిస్తుంది. నచ్చకపోతే మర్నాడు వచ్చి అడిగే వీలు ఉంటుంది. ఫోను తెర మీద తెరిచిన వ్యాపారానికి ఈ సౌకర్యాలేవీ లేవు. చూసేవారికి మీరు తెలియదు, మీ వీధి తెలియదు. పైగా సరుకు చేతికి రాకముందే డబ్బు పంపమని మీరు అడుగుతున్నారు.

పాత పేజీలకు కొన్నవారి అభిప్రాయాలు అండగా ఉంటాయి. కొత్త పేజీకి అవి ఉండవు. కాబట్టి ఎదుటివారు స్వయంగా సరిచూసుకోగల వివరాలే ఆ లోటును తీర్చాలి. ఈ పాఠ్యభాగంలో మనం నేర్చుకునే ప్రధానాంశం ఇదే. బయో “ఇది నాకు పనికి వచ్చేదేనా?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. పిన్ చేసిన పోస్టు “వీరికి డబ్బు పంపవచ్చా?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఉదాహరణగా ఏలూరులో ఇంటి వద్ద ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి తయారుచేసి అమ్మదలచిన ఒక గృహిణిని తీసుకుందాం. ఇందులోని ధరలు, పరిమాణాలు అభ్యాసం కోసం ఊహించినవి.

2. బయో రాయడం

ఆమె మొదట ఇలా రాసుకుంది అనుకుందాం: “స్వచ్ఛమైన ఇంటి రుచులు. నాణ్యతకు మారుపేరు. మీ సంతృప్తే మా లక్ష్యం. ధరలకు మెసేజ్ చేయండి.” ఈ నాలుగు వాక్యాలను ఒక మిఠాయి దుకాణం పెట్టుకున్నా, భోజనహోటలు పెట్టుకున్నా తేడా తెలియదు. పచ్చడి అన్న మాటే ఇందులో లేదు, ఊరి పేరూ లేదు. నిన్న తెరిచిన పేజీ “మారుపేరు” అని చెప్పుకుంటే చదివేవారికి నమ్మకం పెరగదు, అనుమానం కలుగుతుంది.

బయోలో నాలుగు విషయాలుంటే చాలు: ఏమి అమ్ముతారు, ఎక్కడి నుంచి, ఎక్కడిదాకా పంపుతారు, ఆర్డర్ ఎలా ఇవ్వాలి. ఆమె తిరగరాసిన బయో ఇది:

ఏలూరులో మా ఇంట్లో చేసే ఆవకాయ, గోంగూర, కందిపొడి
అరకిలో ప్యాకెట్లు, ఏపీ, తెలంగాణలకు కొరియర్
ధరలు, చిరునామా: కింద పిన్ చేసిన పోస్టులో
ఆర్డర్: వాట్సాప్ లింక్

ఇక్కడ తెలుగులో రాసేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఇన్‌స్టాగ్రామ్ బయోకు 150 అక్షరాల పరిమితి ఉంది. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది యంత్రానికి ఒక్కటి కాదు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటీ విడిగా లెక్కకు వస్తాయి. “స్త్రీ” మనకు ఒకే అక్షరం, లెక్కలో ఆరు. “పచ్చళ్లు” మనకు మూడక్షరాలు, లెక్కలో ఎనిమిది. అందువల్ల 150 అన్న అంకె చూసి చాలా చోటుందని అనుకోకూడదు.

పై బయోను లెక్కిద్దాం. ఖాళీలతో కలిపి మొదటి వరుస 46, రెండవది 42, మూడవది 40, నాలుగవది 22. మొత్తం సరిగ్గా 150. కాని వరుస మార్చిన ప్రతిసారీ ఒకటి చొప్పున మరో మూడు చేరతాయి. అంటే 153 అయింది, మూడు ఎక్కువ. అప్పుడు ఏ మాట తీసివేయాలి? ఊరి పేరు తీస్తే నమ్మకం తగ్గుతుంది. ప్యాకెట్ బరువు తీస్తే మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. “కింద” అన్న మాట తీసినా అర్థం చెడదు. దానితోపాటు దాని పక్కనున్న ఖాళీ కూడా పోయి 148 మిగులుతుంది. ఎదుటివారికి కొత్తగా ఏమీ చెప్పని మాటను ముందు తీసివేయాలన్నది ఇందులోని సూత్రం.

బయోకు పైన పేరు రాసే గడి వేరుగా ఉంటుంది. వెతికేవారికి పేజీ దొరకడంలో ఈ గడిలోని మాటలు ఉపయోగపడతాయి. కనుక అక్కడ వ్యాపారం పేరుతోపాటు సరుకు పేరూ ఉండాలి. చాలామంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు. అందుచేత ఆ గడిలో Avakaya అని చేర్చి, బయోను తెలుగులో ఉంచడం మంచిది. అయితే 14 రోజుల్లో రెండుసార్లకు మించి ఈ పేరును మార్చనివ్వరు. తోచినట్లు మార్చుకుంటూ పోదామంటే కుదరదు.

వాట్సాప్ లింకును బయోలోని లింకుల గడిలోనే పెట్టాలి. పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. లింకు రూపం ఇది:

```
https://wa.me/91XXXXXXXXXX
```

చివర ఉన్న X గుర్తుల స్థానంలో మీ పది అంకెల నంబరు రాయాలి. 91కి ముందు కూడిక గుర్తు గాని, నంబరుకు ముందు సున్నా గాని పెట్టకూడదు.

3. పిన్ చేసిన తొలి పోస్టు

ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు పోస్టుల వరకు పైభాగాన నిలిపి ఉంచవచ్చు. పోస్టు మీది మూడు చుక్కలను నొక్కితే వచ్చే జాబితాలో Pin అన్న మాట ఉన్న ఎంపిక ద్వారా ఈ పని చేయాలి. తరువాత ఎన్ని పోస్టులు పెట్టినా ఇది వాటి వెనక్కి పోదు. కొత్త పేజీకి ఒక్కటి చాలు. “మా పేజీకి స్వాగతం” అన్న పూల బొమ్మతో ఆ చోటు నింపకూడదు.

ఫొటోలో పచ్చడి సీసా, దాని మీది లేబులు స్పష్టంగా కనిపించాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ఆవకాయ బొమ్మను పెట్టకూడదు. అదే బొమ్మ మరోచోట కనిపిస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది. ధరలను ఫొటో మీద రాయవద్దు. పోస్టు కింది రాతను ఎప్పుడైనా సవరించవచ్చు గాని, పోస్టు చేశాక ఫొటోను మార్చి వేరేది పెట్టే వీలు లేదు. మారే వివరాలన్నీ రాతలోనే ఉండాలి.

ఆ రాతలో మొదటి ఒకటి రెండు వరుసలే ముందుగా కనిపిస్తాయి. మిగతాది నొక్కితే గాని తెరుచుకోదు. కాబట్టి ఎక్కువమంది అడిగే విషయం మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఆమె పోస్టు ఇలా తయారైంది:

“అరకిలో ఆవకాయ 250 రూపాయలు, గోంగూర 220, కందిపొడి 200. కొరియర్ ఖర్చు విడిగా. డబ్బు పంపేముందే చెబుతాం.

ఈ పేజీ కొత్తది. అమ్మకానికి మొదటిసారిగా ఈ వేసవిలో 40 కిలోల ఆవకాయ పెట్టాం. అది అయిపోతే మళ్లీ వచ్చే వేసవికే.

ఆవకాయలో మామిడికాయ, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, వెల్లుల్లి, నువ్వుల నూనె ఉంటాయి. వెల్లుల్లి లేనిది ఈ ఏడాది పెట్టలేదు.

ఏది ఎంత కావాలో, మీ పిన్‌కోడ్ ఏమిటో వాట్సాప్‌లో పంపండి. మొత్తం ఎంతో ఆ సాయంత్రంలోగా చెబుతాం. డబ్బు అందిన మర్నాడు పార్శిల్ వేస్తాం, ఆదివారం తప్ప. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు నా పేరే కనిపించాలి. వేరే పేరు కనిపిస్తే పంపవద్దు.

ప్యాకెట్ పగిలి నూనె కారితే, అందిన రోజే ఫొటో పంపండి. మా ఖర్చుతో మరొకటి పంపుతాం, లేదా డబ్బు తిరిగి ఇస్తాం.”

దీని చివర ఆమె తన పూర్తి పేరు, వీధి, పేట, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు సంఖ్య రాసింది. ఇంట్లో చేసి అమ్మినా ఆహార పదార్థాలకు ఈ నమోదు అవసరం. 14 అంకెల ఆ సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. “పరిశుభ్రంగా చేస్తాం” అన్న వాక్యాన్ని మాత్రం అలా సరిచూసుకునే దారి లేదు. ఇంటి నంబరు పోస్టులో పెట్టడానికి సంకోచం ఉంటే వీధి వరకు చెబితే సరిపోతుంది. ప్యాకెట్ లేబులు మీద మాత్రం తయారీదారు పూర్తి చిరునామా తప్పనిసరి.

ఈ పోస్టులో రెండు వాక్యాలు వ్యాపారానికి నష్టమని కొందరికి అనిపించవచ్చు: “ఈ పేజీ కొత్తది”, “వెల్లుల్లి లేనిది పెట్టలేదు”. అనుచరుల సంఖ్య పేజీ మీదే కనిపిస్తుంది కనుక కొత్తదనాన్ని దాచలేము. ఆ సంగతి తామే చెప్పినవారి మిగతా మాటలను చదివేవారు తేలికగా నమ్ముతారు. రెండవ వాక్యం వెల్లుల్లి తినని వారిని ముందే వెనక్కి పంపుతుంది. పార్శిల్ అందాక వచ్చే తగాదా కన్నా అది మేలు.

4. పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడం

పేజీ తయారయ్యాక మీ వ్యాపారం గురించి తెలియని ఒకరికి, వారి ఫోనులోనే, దానిని చూపించండి. అర నిమిషం తరువాత ఫోను పక్కన పెట్టించి నాలుగు ప్రశ్నలు అడగండి: ఏమి అమ్ముతున్నారు? ఏ ఊరు? అరకిలో ఎంత? ఎలా కొనాలి? జవాబు రాని ప్రశ్న ఏదో, మీ రాతలో సవరించవలసిన చోటు అదే.

తరువాత రెండు వారాలపాటు వచ్చిన సందేశాలను ఒక కాగితం మీద రాసుకోండి. “ధర ఎంత?” అని మళ్లీ మళ్లీ అడుగుతుంటే పోస్టు మొదటి వాక్యం కంటబడడం లేదని అర్థం. వ్యాపార ఖాతాగా మార్చుకున్న పేజీకి ఎంతమంది పేజీ చూశారో, ఎంతమంది లింకు నొక్కారో తెలిపే లెక్కలు కూడా కనిపిస్తాయి. చాలామంది చూసి ఎవరూ లింకు నొక్కకపోతే ముందు బయోను పరిశీలించాలి. వాట్సాప్‌కు వచ్చి, వివరాలు అడిగి, డబ్బు పంపే దగ్గర ఆగిపోతుంటే లోపం పిన్ చేసిన పోస్టులోనో, ధరలోనో ఉండవచ్చు.

ధర మారిన రోజే, సరుకు అయిపోయిన రోజే పోస్టును సవరించాలి. పాత ధర చూసి వచ్చినవారితో వాదించవలసి వస్తే ఆ పోస్టు మీకే ఎదురుసాక్ష్యం అవుతుంది.

ఈ రెండు రాతలకూ ఒక హద్దు ఉంది. ఇవి పేజీకి కొత్తవారిని రప్పించలేవు. వచ్చినవారు సందేహంతో తిరిగిపోకుండా చూడడమే వీటి పని.

5. సారాంశం

బయో సరుకును, ఊరిని, పంపే పరిధిని, ఆర్డర్ మార్గాన్ని చెబుతుంది. పిన్ చేసిన పోస్టు ధరను, పదార్థాలను, చెల్లింపు పద్ధతిని, నష్టం జరిగితే బాధ్యతను, అమ్మేవారి గుర్తింపును చెబుతుంది. రెండింటిలోనూ పొగడ్తకు బదులు సరిచూసుకోగల వివరం ఉండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ధరలను ఫొటో మీద కాక పోస్టు కింది రాతలో ఎందుకు ఇవ్వాలి?
2. మీకు తెలిసిన ఒక కుట్టుపని కేంద్రానికి 150 అక్షరాలకు మించకుండా తెలుగులో బయో రాయండి. గుణింతపు గుర్తులను, పొల్లులను, ఖాళీలను, వరుస మార్పులను కలిపి లెక్క చూపండి.
3. ఆ కేంద్రం పిన్ చేసే పోస్టుకు మొదటి వాక్యం రాసి, దానినే ఎందుకు ముందు పెట్టారో వివరించండి.