కడుపుతో ఉన్నప్పుడు తెల్లబట్ట, దురద

ఏడో నెల గర్భిణి. నాలుగు రోజులుగా యోని దగ్గర విపరీతమైన దురద, మూత్రం తగిలితే మంట. విరిగిన పాలలా తెల్లటి పలుకులు కనిపిస్తున్నాయి కానీ వాసన లేదు. అత్తగారు ఒంట్లో వేడి చేసిందని మజ్జిగ ఇచ్చింది. భర్త మెడికల్ షాపుకెళ్లి 'దురదకి ఒక మాత్ర' అడిగాడు. అక్కడ చేతికొచ్చేది చాలాసార్లు ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర.

అది వేసుకోకముందే ఆగాలి. ఈ లక్షణాలు ఎక్కువగా కాండిడా అనే ఫంగస్ వల్ల వచ్చేవే. గర్భంలో ఈస్ట్రోజెన్ పెరిగి యోని గోడల్లో గ్లైకోజెన్ అనే చక్కెర పదార్థం చేరుతుంది. దాంతో అక్కడ మామూలుగా ఉండే ఫంగస్ ఎక్కువవుతుంది. ఇబ్బందే తప్ప, సాధారణంగా దీనివల్ల బిడ్డకు హాని ఉండదు. ఫ్లూకోనజోల్ మాత్రం రక్తంలో కలిసి బిడ్డ దాకా వెళ్తుంది. గర్భస్రావంతో దానికి సంబంధం ఉండవచ్చని కొన్ని అధ్యయనాలు చెప్పాయి కాబట్టి, గర్భిణులకు దాన్ని ఇవ్వకుండా చూస్తారు.

వాళ్లకు తగింది యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్. రక్తంలోకి చేరేది చాలా తక్కువ. డాక్టరు చూశాక సాధారణంగా 100 మిల్లీగ్రాముల మాత్రను ఏడు రాత్రులు, పడుకునే ముందు పెట్టుకోమంటారు. చేతులు కడుక్కుని వేలితో నెమ్మదిగా పెట్టుకోవచ్చు. పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ గొట్టం వాడాలో వద్దో డాక్టరునే అడగాలి. రెండు మూడు రోజులకే దురద తగ్గుతుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు, అది మళ్లీ తిరగబెడుతుంది. ఏడు రాత్రులూ పూర్తి చేయాలి. క్రిమిసంహారక ద్రావణాలతో లోపల కడగడం దురదను ఇంకా పెంచుతుంది. పైపైన మామూలు నీళ్లు చాలు.

ఏడు రోజులైనా తగ్గకపోతే, పదే పదే వస్తుంటే స్వాబ్ పరీక్ష, దాంతోపాటు షుగరు పరీక్ష చేయించాలి. గర్భంలో వచ్చే మధుమేహం ఇలా బయటపడవచ్చు.

గర్భిణులకు పల్చగా, పాలలా, దురద లేకుండా అయ్యే తెల్లబట్ట మామూలే. బూడిద రంగులో, చేపల వాసనతో ఉంటే అది బాక్టీరియా పని. పసుపుపచ్చగా, నురగగా ఉంటే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి కావచ్చు. వీటికి ఫంగస్ మందు పనిచేయదు. బాక్టీరియా రకానికీ నెలలు నిండకముందు కాన్పుకూ సంబంధం ఉంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరుకు చూపించాలి.

అన్నిటికన్నా నేను భయపడేది నీళ్లలా కారడాన్ని తెల్లబట్ట అనుకోవడం గురించి. అది ఉమ్మనీరు కావచ్చు. పొడి ప్యాడ్ పెట్టుకుని అరగంట పడుకుని లేస్తే, ఒక్కసారిగా నీళ్లు వచ్చి ప్యాడ్ తడిసిపోతే అనుమానించాల్సిందే. తడవకపోయినా అనుమానం తీరదు, పరీక్ష చేయాల్సింది డాక్టరే. అలా కారినా, రక్తం కనిపించినా, జ్వరం లేదా ఉండుండి కడుపునొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, రాత్రయినా సరే ఆసుపత్రికి బయలుదేరాలి. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది.