పెట్టెకు రెండు పౌచ్‌లు

మా వదిన విజయవాడలో ఉంటుంది. ఏటా దసరా ముందు జీడిపప్పు పావుకిలో ప్యాకెట్లు కట్టి, తెలిసినవాళ్లకీ రెండు మూడు ఆఫీసులకీ ఇస్తుంది. ఇంతకాలం పప్పు ఊళ్లోనే కొనేది. ఈసారి 180 ప్యాకెట్లకు ఆర్డర్ రావడంతో నేరుగా పలాస నుంచి తెప్పించుకుందామనుకుని, అక్కడి వ్యాపారి ఒకాయన దగ్గర రేట్ల కాగితం అడిగి తెప్పించింది. అందులో ఇంతే ఉంది:

జీడిపప్పు, గుండు, డబ్ల్యూ 320
కనీస ఆర్డర్ 20 కిలోలు
20 నుంచి 49 కిలోల వరకు కిలో రూ.820
50 నుంచి 199 వరకు రూ.795
200 ఆపైన రూ.770
ప్యాకింగ్: 10 కిలోల వ్యాక్యూమ్ పౌచ్, పెట్టెకు రెండు
జీఎస్టీ, రవాణా అదనం

జీడిపప్పు ధర వారం వారం మారుతుంది కాబట్టి ఇక్కడ అంకెల్ని లెక్కకు వీలుగా సరిచేసి రాశాను. కాగితం తీరు మాత్రం అదే. ఎవరి కళ్లయినా ముందు 795 మీద పడతాయి, ఆ తర్వాత 770 మీద. నేనైతే కింద నుంచి పైకి చదవమంటాను. పెట్టెకు రెండు పౌచ్‌లన్న ఆ చిన్న మాటే పైనున్న అంకెల్లో మనకు ఏది దక్కుతుందో తేలుస్తుంది.

ముందు సరుకు పేరు చూద్దాం. గుండు అంటే విరగని పూర్తి పప్పు. డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు తూగే సైజు. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. 240 పెద్ద గుండు, ధరా ఎక్కువే, 450 చిన్నది. పిక్క కొట్టి, పొర తీసిన తర్వాత ఏ సైజు ఎంత వస్తుందన్నది కొట్టేవాడి చేతిలో లేదు. ఒకే బస్తా పిక్కల్లో అన్ని సైజులూ, బద్దలూ, ముక్కలూ వస్తాయి. అందుకే ధరల పట్టీలో ప్రతి సైజుకీ వేరే వరస ఉంటుంది. ఒక సైజులో 30 కిలోలు, ఇంకో సైజులో 30 కిలోలు తీసుకుంటే 60 కిలోల స్లాబు ధర దక్కుతుందో లేదో అడిగి తెలుసుకోవాల్సిందే. కొందరు మొత్తం ఆర్డర్ బరువు చూస్తారు, కొందరు సైజు సైజుకీ విడివిడిగా చూస్తారు.

కనీస ఆర్డర్ 20 కిలోలు ఎందుకు? చిన్న కొనుగోలుదారుని తోసెయ్యడానికి పెట్టిన అంకె అని మా వదిన అనుకుంది. కానీ దాని మూలం ఆ చివరి వరసలోనే ఉంది. ఒక పెట్టెలో రెండు పౌచ్‌లు, ఒక్కో పౌచ్‌లో పది కిలోలు. కనీస ఆర్డర్ అంటే ఒక పెట్టె, అంతే. పౌచ్ విప్పితే లోపలి వాయువు పోతుంది, మిగిలిన పప్పుకు గాలి తగులుతుంది, దాన్ని మళ్లీ ప్యాక్ చెయ్యాలి. బిల్లు రాయడం, పార్శిల్ ఆఫీసుకు చేర్చడం రెండు కిలోలకైనా ఇరవై కిలోలకైనా ఒకటే పని. ఈ కారణం తెలిస్తే బేరం ఎక్కడ ఆడాలో తెలుస్తుంది. పౌచ్ విప్పమంటే ఆయన ఒప్పుకోడు. పెట్టె విప్పమంటే ఒప్పుకోవచ్చు, ఎందుకంటే పౌచ్ సీలు చెదరదు.

ఇక స్లాబులు. కరెంటు బిల్లు అలవాటున్న మనకు ఇక్కడ ఒక పొరపాటు సహజంగా జరుగుతుంది. కరెంటుకు మొదటి కొన్ని యూనిట్లకు ఒక రేటు, ఆ పైవాటికి ఇంకో రేటు పడుతుంది. టోకు సరుకులో మామూలుగా అలా కాదు. గీత దాటితే మొత్తం బరువుకూ కొత్త రేటే. అందువల్ల ఒక విచిత్రం జరుగుతుంది. 49 కిలోలు 820 చొప్పున రూ.40,180. 50 కిలోలు 795 చొప్పున రూ.39,750. ఒక కిలో ఎక్కువ తీసుకుంటే బిల్లు రూ.430 తగ్గింది. గీతకు కాస్త దిగువన ఉన్న ఆర్డర్ ఎప్పుడూ నష్టమే. ఈ పట్టీలో ఆ నష్టం దాదాపు నలభై ఎనిమిదిన్నర కిలోల దగ్గర మొదలవుతుంది. 39,750ని 820తో భాగిస్తే వచ్చే అంకె అదే. ఏ పట్టీకైనా ఇలాగే చూసుకోవచ్చు: పై స్లాబు మొదలయ్యే బరువును దాని ధరతో హెచ్చవేసి, కింది ధరతో భాగించడమే. అయితే మొత్తం బరువుకూ కొత్త రేటేనా, గీత దాటిన భాగానికేనా అని ఒక్కసారి అడగడం మానకూడదు. కాగితం మీద ఆ సంగతి సాధారణంగా రాసి ఉండదు.

మా వదినకి కావలసింది 45 కిలోలు. 180 ప్యాకెట్లు, పావుకిలో చొప్పున. కాగితం ప్రకారం 45 కిలోలు 820 చొప్పున రూ.36,900. ఇంకో అయిదు కిలోలు కలిపి 50 చేస్తే రూ.39,750. అంటే ఆ అయిదు కిలోలకు పడేది రూ.2,850, కిలో రూ.570. ఇది చూసి ఆమె సంబరపడింది. నేను పెట్టె సంగతి గుర్తుచేశాను. పెట్టెల్లో కొంటే 20, 40, 60 తప్ప మధ్యలో అంకె లేదు. 45 లేదు, 50 కూడా లేదు. 50 అని రాసిన స్లాబు ఆమెకు నిజానికి 60 దగ్గర మొదలవుతుంది, బిల్లు రూ.47,700. ఆమెకు కావలసిన 45 కిలోల మీద కిలోకు 25 రూపాయల చొప్పున మిగిలేది రూ.1,125. దానికోసం కొనుక్కున్న పదిహేను కిలోల మిగులు సరుకులో రూ.11,925 చిక్కుకుంటాయి. అమ్ముకునే దారి ఉంటే సరే. లేకపోతే స్లాబు తగ్గింపు కాగితం మీదే ఉండిపోతుంది.

అందుకని ఆయనకి ఫోన్ చేసి అడిగింది, "మూడో పెట్టెలో ఒక పౌచ్ తగ్గించి ఇస్తారా అండీ" అని. కాసేపు ఆలోచించి, "పౌచ్ కొయ్యమంటే కుదరదమ్మా, పెట్టెలోంచి ఒకటి తీసి ఇమ్మంటే ఇస్తాను, స్లాబు రేటే వేస్తాను" అన్నారాయన. రెండు పెట్టెలు, విడిగా ఒక పౌచ్ బయల్దేరాయి. ధర తగ్గించమని గంట బతిమాలినా ఇంత కలిసొచ్చేది కాదు.

ఇక ప్యాకింగ్. పౌచ్ మీద రాసిన పది కిలోలు నికర బరువేనా, కవరుతో కలిపా అన్నది మొదట చూడాలి. పెట్టె బరువు 20 కిలోలు ఉండి, అట్టా కవర్లూ దానిలోనే కలిసిపోతే, ప్రతి పెట్టెకీ కొంత పప్పు పోయినట్టే. వచ్చిన పౌచ్‌ను వేలితో నొక్కి చూడండి. పప్పు నింపేటప్పుడు లోపలి గాలి తీసి కార్బన్ డయాక్సైడ్ పంపుతారు. దాన్ని పప్పులోని నూనె కొంత పీల్చుకుంటుంది, కవరు గుండ్లకు అంటుకుపోయి ఇటుకలా గట్టిపడుతుంది. అలా ఉంటే సీలు బాగుందని అర్థం. మెత్తగా, దిండులా ఉంటే ఎక్కడో కారింది. అలాంటి పౌచ్‌లోని పప్పు ముందు వాడెయ్యాలి. పురుగు, బూజు, నూనె చెడిన వాసన వచ్చేది ముందుగా అందులోంచే.

తేమ మరీ సున్నితమైన విషయం. పప్పులో తేమ 5 శాతం దాటితే నిలవ ఉండదు. మరీ ఎండబెడితే పెళుసుబారి లారీ కుదుపులకే విరుగుతుంది. అందుకే ప్యాకింగ్‌కు ముందు ఎండిన పప్పుకు కొంచెం తేమ పట్టిస్తారు. అయినా దారిలో కొన్ని విరుగుతాయి. గుండు సరుకులో విరిగినవి 5 శాతం వరకు ఉండొచ్చని వ్యాపారంలో ఒప్పుకుంటారు. ఈ 5 శాతం ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర లెక్కా, మన గుమ్మం దగ్గర లెక్కా అన్నదే అసలు తగవు. ధర ఫ్యాక్టరీ దగ్గరిదైతే, రవాణా మనదైతే, దారిలో విరిగినదీ మనదే అవుతుంది. ఆర్డర్‌కు ముందే ఈ మాట రాతలో అడిగితే తర్వాత గొడవ ఉండదు.

సరుకు వచ్చిన రోజు మేం ముగ్గురం కూర్చుని ఒక పౌచ్ విప్పాం. పైన ఉన్నవి తీసుకోకుండా మధ్యలోంచి అరకిలో తూచి లెక్కపెట్టాం. 320 సైజైతే అరకిలోకు 330 నుంచి 352 గుండ్లు రావాలి. 341 వచ్చాయి. 400 దాటి ఉంటే అది చిన్న సైజు కలిపిన సరుకని తెలిసిపోయేది. తర్వాత ఆ అరకిలో పప్పులో బద్దలూ ముక్కలూ ఏరి తూచాం, 27 గ్రాములు. అయిదు శాతానికి రెండు గ్రాములు ఎక్కువ. మనం తూచిన చోటు విజయవాడ, పలాస కాదు కాబట్టి ఫిర్యాదు చెయ్యాల్సినంత లేదు.

డబ్బు లెక్క ఇది. పప్పు రూ.39,750. దాని మీద 5 శాతం జీఎస్టీ రూ.1,987.50. మా వదినకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి ఆ పన్ను ఆమెకి ఖర్చే. రిజిస్ట్రేషన్ ఉన్న దుకాణదారైతే తన అమ్మకం పన్నులో దాన్ని తగ్గించుకుంటాడు. పార్శిల్, హమాలీ, ఆటో కలిపి రూ.900. మొత్తం రూ.42,637.50. ఇంటికి చేరేసరికి కిలో రూ.853 పడింది, కాగితం మీద 795 ఉన్నది. ఊళ్లో దుకాణాల్లో అడిగిన ధరను పోల్చాల్సింది ఈ 853తోనే. అదీ ప్యాకెట్ కవర్లు, వాటి మీద అంటించే లేబులు ఖర్చు కలపకముందు.

యాభై కిలోల్లోంచి విరిగినవి ఏరితే రెండున్నర కిలోల పైచిలుకు పక్కకి వచ్చాయి. గుండ్లు నలభై ఏడు కిలోలు దాటి ఉన్నాయి. 180 ప్యాకెట్లకూ సరిపోయాయి. స్లాబు కోసం కలిపిన అయిదు కిలోలు విరుగుడుకే ఉపయోగపడ్డాయి. సరిగ్గా 45 కిలోలే తెచ్చుకుని ఉంటే తొమ్మిదో పదో ప్యాకెట్లు తక్కువయ్యేవి, వాటికోసం ఊళ్లో చిల్లర ధరకు కొనాల్సి వచ్చేది. ముక్కలు మా వదిన పండక్కి పాకం పట్టింది. వచ్చే ఏడాదికి రేట్ల కాగితం వెనక పెన్సిల్‌తో రాసి పెట్టుకుంది: "కావలసిన గుండ్ల మీద ఆరు శాతం ఎక్కువ లెక్కవేసి, పౌచ్‌ల లెక్కన అడగాలి."