రెండు నిమిషాల్లో నిండే చోటు

2025 జనవరి 8 రాత్రి తిరుపతి బైరాగిపట్టెడలో జరిగింది ఇది. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల పంపిణీ మర్నాడు తెల్లవారుజామున మొదలుకావాలి. ముందు సాయంత్రం నుంచే వచ్చిన భక్తులను దగ్గరలోని పద్మావతి పార్కులో కూర్చోబెట్టారు. లోపల ఒక మహిళకు ఒంట్లో బాగోలేకపోతే ఆమెను బయటికి తెచ్చేందుకు గేటు తీశారనీ, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా కదిలారనీ అప్పటి కథనాలు చెప్పాయి. ఆరుగురు చనిపోయారు. ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ నివేదికల్లో కనిపించే వాక్యం ఒకటుంది: భక్తులు భారీగా తరలివచ్చారు, తోపులాట జరిగింది. ఆ వాక్యంలో ఎవరూ దిద్దుకోగలిగిన విషయం ఒక్కటీ లేదు. ఎంత చోటులో ఎంతమంది ఉన్నారు, నిమిషానికి ఎంతమంది వచ్చి చేరారు, ఎంతమంది బయటపడ్డారు, వెనకవాళ్లకు ఏం తెలిసింది అనే నాలుగు సంగతులు చెప్పినప్పుడే అది వర్ణన అవుతుంది. ప్రమాదం తర్వాత రాసే నివేదికకే కాదు, ప్రమాదానికి పది నిమిషాల ముందు వైర్‌లెస్‌లో చెప్పే మాటకూ ఇవే కావాలి.

చదరపు మీటరుకు ఇద్దరు ముగ్గురు ఉన్నంతవరకు మనిషి తన ఇష్టప్రకారం నడుస్తాడు. నలుగురైదుగురయ్యేసరికి అడుగులు చిన్నవవుతాయి, పక్కకు తప్పుకోవడం కష్టమవుతుంది. ఏడుగురి దాకా వస్తే గుంపు ఇంచుమించు ద్రవంలా ప్రవర్తిస్తుందని జనసమూహాల ప్రమాదాలను పరిశోధించిన అమెరికన్ ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ 1993లోనే రాశాడు. ఆ స్థితిలో ఒకచోట పుట్టిన తోపు మనిషి నుంచి మనిషికి అలలా పాకుతుంది. ఎవరూ గట్టిగా నెట్టకపోయినా, కొద్దిగా ముందుకు వాలిన వందలమంది బరువు కలిసి ముందువరుస మీద పడుతుంది. ప్రమాదాల తర్వాత ఇనుప రెయిలింగులు వంగిపోయి కనిపించడానికి కారణం ఇదే. చాలామంది ప్రాణాలు పోయేది కాళ్ల కింద పడి నలిగినందువల్ల కాదు. ఛాతీకి విప్పారే చోటు లేక ఊపిరి అందదు, కొందరు నిలబడిన చోటే స్పృహ కోల్పోతారు. ఒకరు కూలితే ఆ ఖాళీలోకి ఆనుకుని ఉన్నవాళ్లు ఒరుగుతారు, వాళ్ల మీద ఇంకొకరు. వెనకనున్నవాళ్లకు ఇదేమీ కనబడదు. వాళ్లకు కనబడేది ముందు కాస్త చోటు దొరికిందన్నదే, అందుకే ఇంకో అడుగు వేస్తారు.

మేడ్చల్, శామీర్‌పేట వైపు వాళ్లకు బాగా తెలిసిన జాతర కీసరగుట్టది. శివరాత్రికి రామలింగేశ్వరస్వామి దర్శనానికి జనం గుట్ట ఎక్కుతారు. అలాంటి గుట్ట మీది గుడిని దృష్టిలో పెట్టుకుని ఒక లెక్క వేద్దాం. ఇక్కడి అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే, కొలిచినవి కావు. మెట్ల వెడల్పు మూడు మీటర్లు, మెట్ల ముందు జనం నిలిచే చోటు మూడు వందల చదరపు మీటర్లు అనుకుందాం. స్టేడియాల భద్రతకు బ్రిటన్‌లో వాడే గ్రీన్ గైడ్ ప్రకారం మీటరు వెడల్పు మెట్ల మీద నిమిషానికి గరిష్ఠంగా 66 మంది కదలగలరు. అంటే మూడు మీటర్ల మీద సుమారు రెండు వందల మంది. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, ముసలివాళ్లు ఉండే మన జాతరలో అంతకన్నా తక్కువే. బస్సుల నుంచీ పార్కింగు నుంచీ నిమిషానికి మూడు వందల మంది వస్తుంటే, ప్రతి నిమిషం వందమంది మిగిలిపోతారు. చదరపు మీటరుకు నలుగురున్న చోట ఆరుగురు కావాలంటే మరో ఆరు వందల మంది చేరాలి, దానికి ఆరు నిమిషాలు చాలు. ఇక అభిషేకం కోసమో ప్రముఖుల రాక కోసమో పైన లైను ఆపితే మెట్లు ఖాళీ కావు. వచ్చే మూడు వందలూ అక్కడే పేరుకుంటారు. అప్పుడు పట్టే సమయం రెండు నిమిషాలు. ఆ రోజు మొత్తం ఎన్ని లక్షలమంది వచ్చారన్న అంకె ఈ రెండు నిమిషాల గురించి ఏమీ చెప్పదు.

కాబట్టి ఎత్తులో నిలబడి చూసే మనిషి ఒకరు కావాలి, ఆ మనిషి చెప్పే మాటలో కొలత ఉండాలి. పది చదరపు మీటర్ల చోటును ముందే రంగుతో గీసి ఉంచితే, దానిలో తలలు లెక్కపెట్టడం కెమెరాలోనూ తేలికే. నలభై దాటితే వెనక రాకను తగ్గించాలి, యాభై దాటితే పూర్తిగా ఆపాలి. తలలు ఒకే వైపుకి ఊగి మళ్లీ వెనక్కు రావడం, ముఖం తిప్పుకోలేక చేతులు పైకెత్తడం, పిల్లల్ని తలల మీదుగా అందించడం, రెయిలింగు ఎక్కడం: ఇవి కనబడితే చర్చకు సమయం లేదు. స్పెయిన్‌లోని పాంప్లోనాలో సాన్ ఫెర్మిన్ పండుగ రోజు కిక్కిరిసిన గుంపును కొన్నేళ్లపాటు చిత్రించిన పరిశోధకులు, వందలమంది కలిసి దాదాపు 18 సెకన్లకోసారి గుండ్రంగా ఊగుతారని 2025లో ప్రకటించారు. ఎవరి ప్రమేయమూ లేకుండా పుట్టే ఆ ఊగే కదలికను కెమెరాలో ముందే పట్టవచ్చు. జనం బాగా ఎక్కువగా ఉన్నారన్న కబురుకూ, రెండో గేటు ముందు చదరపు మీటరుకు ఐదుగురు, పెరుగుతున్నారు, పైన లైను ఆగింది, కీసర దగ్గర బస్సులు ఆపండి అన్న కబురుకూ తేడా పెద్దది. రెండోది విన్నవాడికి ఏం చేయాలో తెలుస్తుంది. ఆపాల్సింది గేటు దగ్గర కాదు, జనం ఇంకా పలచగా ఉన్న చోట. గేటు ముందు ఆపితే వెనకవాళ్ల ఒత్తిడి అంతా అక్కడే పోగవుతుంది.

భక్తులకు క్రమశిక్షణ లేకపోతే లెక్కలు ఏం చేస్తాయని అడగవచ్చు. క్రమశిక్షణ లోపమే కారణమైతే గేటు తీసిన క్షణంలోనే అది ఎందుకు బయటపడుతుంది? టోకెన్లు అయిపోతాయేమోనన్న భయం, ముందు కదలిక, చెప్పేవాళ్లు లేకపోవడం, ఈ మూడూ కలిస్తే ఎవరైనా కదులుతారు. ఒక మహిళకు బాగోలేక గేటు తీస్తున్నాం, టోకెన్లు రేపే అని వెనక వరుసల దాకా వినబడేలా మైకులో ముందు చెప్పి, ఆ తర్వాత గేటు తీయడం పరిష్కారంలో భాగం. అలాంటి పనికి గుంపు నిలిచిన గేటు కాకుండా పక్కన మరో దారి ఉండటం మిగతా భాగం. జనాన్ని ఆపితే అసంతృప్తి వస్తుందన్న అభ్యంతరానికి తిరుమలలోని వైకుంఠం క్యూ కాంప్లెక్స్ జవాబు. కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి విడతలవారీగా వదలడం అక్కడ అలవాటే. గంటలు వేచి ఉన్నా మనిషికి చోటూ తన వంతు ఎప్పుడో తెలియడమూ ఉంటే ఒత్తిడి పెరగదు. అయితే కంపార్ట్‌మెంటు భద్రత దాని గోడల్లో లేదు, తలుపు తీసే తీరులో ఉంది. పద్మావతి పార్కు కూడా జనాన్ని కూర్చోబెట్టిన చోటే.

మరిన్ని బ్యారికేడ్లూ పోలీసులూ పెడితే చాలదా అన్నది ఇంకో మాట. తెరుచుకునే చోటు లేని బ్యారికేడ్ గుంపును ఆపుతుంది, ఒత్తిడిని ఆపదు. ఇక పోలీసులను పెట్టాలన్నా ముందు బాధ్యత ఎవరిదో తేలాలి. 2025 నవంబరు 1న కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొమ్మిది మంది మరణించినప్పుడు, అది ప్రైవేటు గుడి అనీ తమకు సమాచారం లేదనీ అధికారులు అన్నారు. ఆ వాదన నిజమైనా దానివల్ల తేలేది ఒకటే: ఎవరి గుడి అయినా, వచ్చేవాళ్ల అంచనా, దారుల వెడల్పు, రాకను ఆపే చోటు, దాన్ని ఆపమనే అధికారం ఎవరిదన్నది జాతరకు ముందే ఒక కాగితం మీద ఉండాలి. శివరాత్రి రోజు కీసర దగ్గర బస్సులు ఆపమని చెప్పాల్సింది ఆలయ అధికారా, పోలీసు అధికారా, డిపో మేనేజరా అన్నది రెండు నిమిషాల్లో తేల్చుకునే విషయం కాదు.