టైపులో తరుగు లెక్క

గిద్దలూరులో సాయంత్రం కాలేజీ వదిలాక టైపు నేర్చుకోవడానికి వెళ్ళే మిత్రులు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళను పలకరిస్తే మొదట వచ్చే మాట "నీ స్పీడు ఎంత?" అని. తప్పులెన్ని అని అడిగేవాళ్ళు అరుదు. ఆ రెండో ప్రశ్న లేకపోతే మొదటి ప్రశ్నకు అర్థమే లేదని చూపడానికే ఈ వ్యాసం.

ముందుగా, "మాట" అంటే ఏమిటో చూద్దాం. ఇంగ్లీషు టైపులో ఖాళీతో సహా ఐదు స్ట్రోకులను ఒక మాటగా లెక్కిస్తారు. పది నిమిషాల్లో 1500 స్ట్రోకులు కొడితే 300 మాటలు, అంటే నిమిషానికి 30. దీన్ని గ్రాస్ స్పీడు అంటారు. సాంకేతిక విద్యా మండలి పరీక్షల్లో లోయరుకు 30, హయ్యరుకు 45 అనేది ఈ నిమిషానికి మాటల లెక్కే. తప్పుకు ఒక మాట చొప్పున కోత వేస్తే మిగిలేది నెట్ స్పీడు. మా ఇళ్ళలో కందులు అమ్మేటప్పుడు బస్తా తూకంలోంచి మట్టికీ, పుల్లకీ తరుగు తీసి డబ్బు కడతారు కదా! ఇదీ అలాంటిదే. అయితే తరుగు ఎంత తీస్తారన్నది కొనేవాణ్ణి బట్టి ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

మా క్లాసు మిత్రుడొకడు రైల్వే ఉద్యోగం మీద ఆశ పెట్టుకుని ఆరు వారాల పాటు ప్రతి శనివారం పది నిమిషాల పరీక్ష రాసి, ఫలితాలు నోటుబుక్కులో వేసుకున్నాడు. మొదటి వారం 300 మాటలు, 20 తప్పులు. నిమిషానికి 30, తప్పులు 2 పోగా నెట్ 28. మూడో వారానికి 370 మాటలు, 90 తప్పులు. గ్రాస్ 37 అయిందని సంబరపడ్డాడు గానీ నిమిషానికి 9 తప్పులు తీసేస్తే మళ్ళీ 28. నాలుగో వారం కావాలనే చెయ్యి తగ్గించి, 290 మాటలు, 10 తప్పులతో ముగించాడు. నిమిషానికి 29లోంచి 1 పోతే అదీ 28.

ఈ మూడు 28లూ ఒకటేనా? రైల్వే నియామక మండలి ఎన్.టి.పి.సి. టైపు పరీక్షలో వేసిన లెక్కతో చూడండి. అక్కడ కొట్టిన మాటల్లో నూటికి 5 తప్పుల వరకు క్షమిస్తారు. ఆపైన ఒక్కో తప్పుకు 10 మాటలు కోస్తారు. ఇంగ్లీషులో నిమిషానికి 30 రావాలి. మొదటి వారం 20 తప్పుల్లో 15 మాఫీ. మిగిలిన ఐదింటికి 50 మాటలు పోయి, 300లో 250 మిగిలాయి. అంటే 25. మూడో వారం 90లో సుమారు 18 మాఫీ అయినా, తక్కిన 72కి 720 మాటలు పోవాలి. అతను కొట్టినవే 370! అంటే మిగిలింది సున్న. నాలుగో వారం 10 తప్పులూ మాఫీలోనే పోయాయి గనక 29కి 29 నిలిచింది. అందరికంటే వేగంగా కొట్టిన వారమే అతను పూర్తిగా ఫెయిలయ్యే వారమన్నమాట.

ఆ తర్వాత అతను తప్పులను పదికి మించనివ్వకుండా స్పీడు పెంచుకుంటూ పోయాడు. ఆరో వారం 330 మాటలు, 10 తప్పులు. ఏ లెక్క వేసినా 30 దాటింది. అందుచేత నోటుబుక్కులో గ్రాస్ ఒక గడిలోనూ, తప్పులు పక్క గడిలోనూ వేసుకోవాలి. తప్పులు పెరగకుండా గ్రాస్ పెరిగితేనే అభివృద్ధి.

కంప్యూటరు మీద ఇంకొక మాయ ఉంది. మిషను మీద తప్పు కాగితం మీదే పడి ఉంటుంది. ఇక్కడ బ్యాక్‌స్పేసు దాన్ని మింగేస్తుంది. తెర మీద తప్పు లేదు గానీ, చెరపడానికీ మళ్ళీ కొట్టడానికీ కాలం పోయింది. స్పీడు ఎందుకు పెరగడం లేదో తెలియాలంటే వారానికొక్కసారి బ్యాక్‌స్పేసు ముట్టకుండా కొట్టి, తప్పులు లెక్కబెట్టి, ఏ అక్షరం దగ్గర ఎక్కువ పడుతున్నాయో గుర్తు పెట్టుకోవాలి.

కొలత సరిగ్గా ఉండాలంటే కొలబద్ద మారకూడదు. ప్రతివారం అదే కీబోర్డు, అదే పది నిమిషాలు ఉండాలి. ఒక్క నిమిషం పరీక్షలో వేళ్ళు అలసిపోవు గనక స్పీడు లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. పేరా మాత్రం ప్రతిసారీ కొత్తది కావాలి. పాతదే కొడితే పెరిగేది జ్ఞాపకమే. ఒక పేరా సులువుగా, ఇంకొకటి కష్టంగా రావచ్చు కాబట్టి మూడు పేరాలు కొట్టి, మధ్యలో వచ్చిన అంకెను రాసుకోవాలి. ఒక వారం రెండు మాటలు పెరిగినా తగ్గినా దాన్ని పట్టించుకోనక్కర్లేదు. వరుసగా మూడు నాలుగు వారాలు అదే దారిలో పోతేనే అది నిజం. ఈసారి ఎవరైనా మీ స్పీడు అడిగితే రెండు అంకెలు చెప్పండి.