రబ్బరు మొక్క కింది ఆకులు ఎందుకు రాలుతాయి?

నర్సరీ నుంచి తెచ్చినప్పుడు మట్టి దగ్గర నుంచే నిండుగా ఆకులున్న రబ్బరు మొక్క, రెండు మూడేళ్లు తిరిగేసరికి కింద బోసిపోతుంది. పైన నాలుగు ఆకుల గుత్తి, కింద ఉత్త కాడ మిగులుతాయి. వయసు వల్ల సహజంగా ఇలా అయిందా, నీళ్లో వెలుతురో తేడా చేసిందా అన్నది ఈ మొక్క పెంచే వారిలో చాలామందికి ఉండే అనుమానం. రెండూ జరగవచ్చు. ఏది జరిగిందో చెప్పే గుర్తులు మాత్రం ఆ మొక్క మీదే ఉంటాయి.

ఇది మర్రి, రావి చెట్ల జాతికి చెందిన మొక్క. కేరళ తోటల్లో కాండం గీసి పాలు తీసే రబ్బరు చెట్టు వేరు, ఇది వేరు. దీని సొంత నేల మన ఈశాన్య రాష్ట్రాల అడవులు. మేఘాలయలో ఖాసీ, జయంతియా ప్రజలు వాగుల మీద సజీవ వంతెనలుగా అల్లుకునేది ఈ చెట్టు ఊడలనే. అక్కడ అది ముప్పై మీటర్ల దాకా ఎదుగుతుంది. అంత చెట్టూ మొదలు దగ్గర ఆకులు నిలుపుకోదు. పై కొమ్మల నీడ పడ్డ ఆకులను వదిలేసి, ఎండ తగిలే చోట కొత్తవి వేసుకుంటుంది. కాబట్టి కింది ఆకు రాలడం ఈ జాతి స్వభావంలోనే ఉంది. మనం చూడాల్సింది అది ఎంత వేగంగా, ఏ తీరుగా రాలుతోందన్నదే.

వయసు మీరిన ఆకు నిదానంగా పోతుంది. మొక్క ముందుగా అందులోని నత్రజని, మెగ్నీషియం వంటి పోషకాలను వెనక్కి లాగి పైన చిగురుకు పంపుతుంది. అందువల్ల ఆకంతా ఒకే తీరుగా పసుపెక్కుతుంది. ఆ తర్వాత తొడిమ మొదట్లో సన్నని పొర ఏర్పడి, వేలితో తాకితేనే ఊడి వస్తుంది. ఇలా పోయేది అన్నిటికంటే కింద ఉన్న ఆకే, అదీ కొన్ని నెలలకు ఒకటో రెండో. అదే సమయంలో కొసన ఎర్రటి తొడుగు విప్పుకుని కొత్త ఆకులు వస్తుంటే, అవి పాత ఆకులంత పెద్దగానే ఉంటే, కంగారు పడాల్సింది లేదు.

సమస్య ఉన్నప్పుడు తీరు మారుతుంది. వారం పది రోజుల్లో నాలుగైదు ఆకులు వరసగా పసుపెక్కి మెత్తబడి రాలుతూ, మట్టి ఎప్పుడు తాకినా తడిగా ఉంటే వేళ్లు కుళ్లుతున్నట్టే. ఆకులు వేలాడి అంచులు పెళుసుగా ఎండుతూ, కుండీ ఎత్తితే తేలిగ్గా ఉంటే నీళ్లు చాలడం లేదు. పచ్చగా ఉన్న ఆకులే ఉన్నట్టుండి రాలితే చోటు మారిన దెబ్బ, లేదా ఏసీ గాలి నేరుగా తగలడం కారణం కావచ్చు. ఆకుల అడుగున సన్నని బూజు, పిండిలాంటి తెల్లని ముద్దలు, కాడకు అంటుకున్న గోధుమ రంగు పొలుసులు కనిపిస్తే పురుగు పట్టిందని అర్థం. ఇవేవీ లేకుండా నెల నెలా ఒక్కో ఆకు తగ్గుతూ, కొత్తవి చిన్నవిగా వస్తుంటే, అది వెలుతురు కరవు. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది, వయసు అనుకుని వదిలేసేదీ ఇదే.

దీన్ని తేల్చడానికి బోసిపోయిన కాడను దగ్గరగా చూడాలి. ఆకు రాలిన చోటల్లా ఒక మచ్చ, దాని దగ్గరే కాడ చుట్టూ సన్నని ఉంగరంలాంటి గీత ఉంటాయి. ఆ గీతల మధ్య ఎడమే మొక్క గడిపిన రోజుల లెక్క చెబుతుంది. కడియం నర్సరీలో పెరిగి, హైదరాబాద్‌లోని ఒక ఫ్లాటుకు చేరిన అయిదడుగుల మొక్కను తీసుకుందాం. హాల్లో సోఫా పక్కన, కిటికీకి పది అడుగుల దూరంలో ఉంది. కింద రెండడుగులు బోసి. అక్కడి గీతల మధ్య ఎడం రెండు మూడు సెంటీమీటర్లే. పైకి వెళ్లేకొద్దీ అది ఏడెనిమిది సెంటీమీటర్లయింది. కింది భాగం నర్సరీ వెలుతురులో బిగువుగా పెరిగింది, పై భాగం హాలు నీడలో వెలుతురు కోసం సాగిందన్నమాట. మంచి వెలుతురులో తయారైన అన్ని ఆకులను ఆ మసక హాల్లో పోషించుకోలేక మొక్క పాతవాటిని వదిలేసింది. పైగా నీడలో ఉన్న మొక్క నీళ్లు తక్కువ తాగుతుంది. రోజూ గ్లాసుడు పోస్తే, రంధ్రం లేని అలంకారపు కుండీ అడుగున నీరు నిలిచి రెండో సమస్య మొదలవుతుంది.

ఈ మొక్కకు ముందు చేయాల్సింది కిటికీకి మూడడుగుల లోపలికి జరపడం. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడకుండా పల్చని పరదా ఉంటే చాలు. వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, తడి తగలకపోతేనే నీళ్లు పోయాలి. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయాలి. ఆకులు పోతున్నాయని ఎరువు గుమ్మరించకూడదు. దెబ్బతిన్న వేళ్లకు అది ఇంకా హాని చేస్తుంది.

దీంతో రాలడం ఆగుతుంది. రాలిన చోట మాత్రం ఆకులు తిరిగి రావు. ప్రతి మచ్చ పైన ఒక నిద్రాణమైన మొగ్గ ఉన్నా, కొసన ఉన్న చిగురు నుంచి దిగే హార్మోను దాన్ని లేవనివ్వదు. కింది మొగ్గలు కదలాలంటే కొస తీసేయాలి. ఊరికే నరికి పారేసే బదులు గాలి అంటు కట్టి తీస్తే ఒక మొక్క రెండవుతుంది.

మన దగ్గర దీనికి వానాకాలం అనువు. కొస నుంచి అడుగున్నర కింద, ఒక కణుపుకు దిగువన, అంగుళం వెడల్పున చుట్టూ బెరడు ఒలిచి, లోపలి జిగురు పొరను గీకేయాలి. కారే తెల్లని పాలు చర్మానికి దురద తెస్తాయి, కంట పడితే మంట. చేతులకు గ్లౌజులు వేసుకుని, తడిగుడ్డతో తుడవాలి. గాటు పై అంచుకు వేళ్లు వచ్చేందుకు వాడే హార్మోను పొడి అద్ది, నీళ్లు పిండేసిన కోకోపీట్ లేదా నాచును గుప్పెడు చుట్టూ పెట్టి, పారదర్శకమైన పాలిథీన్ చుట్టి రెండు కొసలా గట్టిగా కట్టాలి. సాధారణంగా నెల నుంచి రెండు నెలల్లో తెల్లని వేళ్లు కవరు లోపల కనిపిస్తాయి. నాలుగు వైపులా అల్లుకున్నాక దాని దిగువన కోసి, కవరు విప్పి, వేరే కుండీలో నాటుకోవచ్చు.

మిగిలిన మోడుకు ఆకులు తగ్గిపోతాయి కనుక నీళ్లు బాగా తగ్గించాలి. కొన్ని వారాల్లో కోత దిగువన రెండు మూడు మొగ్గలు లేస్తాయి. కొమ్మలు ఎక్కువగా కోతకు దగ్గర్లోనే వస్తాయి. మట్టి దగ్గర గుబురు కావాలంటే అంటు తీశాక మోడును ఇంకా కిందికి, అడుగు ఎత్తుకు కోయాలి. వేళ్లు కుళ్లిన మొక్కకూ, మసక చోటే ఉన్న మొక్కకూ ఈ పని పెట్టుకోకూడదు, మొగ్గ వేసే శక్తి వాటికి ఉండదు. ముందు వెలుతురులో ఉంచి, కొసన రెండు పెద్ద ఆకులు విప్పుకునే దాకా ఆగి, అప్పుడే కత్తి పట్టాలి. కొమ్మలు వచ్చాక వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతుంటే అన్ని వైపులా వెలుతురు సోకి, కొత్త కింది ఆకులు ఏళ్ల తరబడి నిలుస్తాయి.